బుయెన్ తర్వాతి ఖాళీ

ఆ ఓడ ఖిదిర్‌పూర్ డాక్‌లోకి వచ్చిన దగ్గర్నుంచి వాన వదల్లేదు. దక్షిణ అమెరికా నుంచి టేకు దుంగలు మోసుకొచ్చింది. ఒంటి నిండా తుప్పు చారలు. పైన అడుగు పెడితే చాలు, పుల్లటి వాసన కొట్టేది. నానిన బెరడు, మురగబెట్టిన కుడితి కలిసినట్టుండే వాసన. సముద్రం మీద అన్ని వారాలు మూతల కింద మగ్గిన చెట్ల వాసన అది. మొదటి రోజే నాకు ఆ ఓడ నచ్చలేదు. కారణం చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి.

అప్పట్లో నేను సరుకు దించే ఒక కంపెనీలో టాలీ క్లర్కుని. దుంగల చివర కొట్టిన గుర్తులు కాగితాలతో సరిపోయాయో లేదో చూసుకోవడం నా పని. ఆ దుంగలు దించే గ్యాంగుకి మా బావ సర్దార్. మా అప్ప పెనిమిటి. గ్యాంగులో అందరూ శ్రీకాకుళం పక్క పల్లెల వాళ్ళే. వాళ్ళ తాతలు ఈ డాకులోనే బస్తాలు మోశారు. ఆ గ్యాంగుకి పాత పద్ధతి ఒకటుంది. ఓడ కడుపులో సరుకుండే గదిని హోల్డ్ అంటారు. అందులోకి ముందు దిగాల్సింది సర్దారే. అతను అడుక్కి చేరి "రండ్రా" అని కేకేస్తేనే తక్కినవాళ్ళు నిచ్చెన మీద కాలు పెడతారు. ఆ పద్ధతంటే బావకి గర్వం. అప్పకి మాత్రం భయం. "ఆ కేకేదో పైనుంచే ఎయ్యొచ్చు కదా" అనేది.

నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఆ తర్వాతదంతా లైబ్రరీలు పెట్టిన భిక్ష. మా పేటలో క్లబ్బు వాళ్ళు నడిపే చిన్న లైబ్రరీ ఒకటుండేది. గోడకి బయట ఎర్ర రంగుతో ఎన్నికల నినాదాలు, లోపల రెండు బీరువాలు. అక్కడ బెంగాలీ చదవడం నేర్చుకున్నాను. ఆదివారాలు అలీపూర్‌లోని పెద్ద లైబ్రరీకి నడిచి వెళ్ళేవాణ్ణి. అక్కడి హాల్లో, పొడుగాటి బల్లల దగ్గర, ఇంగ్లిష్ ద్వారా స్పానిష్ నేర్పే వ్యాకరణం ఒకటి దొరికింది. ఎందుకు తీశానంటే, మా పేట కుర్రాళ్ళు ప్రపంచ కప్పు వచ్చినప్పుడల్లా వీధి వీధంతా నీలం తెలుపు రంగులు వేసేవాళ్ళు. అంత దూరపు దేశం మీద అంత ప్రేమ ఉన్నప్పుడు వాళ్ళ భాషలో ఒక్క ముక్కైనా ఎవరికో ఒకరికి రావాలి కదా అనిపించింది. నిజం చెప్పాలంటే, ఇంకెవరికీ రాని విద్య నాకు వస్తే బాగుంటుందనీ అనిపించింది.

ఆ పుస్తకంలో నన్ను బాగా పట్టేసిన పాఠం విశేషణాల గురించి. స్పానిష్‌లో 'మంచి' అన్న మాట 'బుయెనో'. కానీ మగ లింగపు ఏకవచన నామవాచకానికి ముందు నిలబడితే దాని తోక తెగిపోతుంది. 'బుయెన్' అవుతుంది. 'చెడ్డ'కి 'మాలో', తెగితే 'మాల్'. మొదటికి ప్రిమేరో, ప్రిమేర్. మూడోదానికి తెర్సేరో, తెర్సేర్. ఎవరో ఒకరు అనే అల్గునో, ఎవరూ కాదనే నింగునో కూడా అంతే, అల్గూన్, నింగూన్ అవుతాయి. అదే నామవాచకం తర్వాత వచ్చినా, ఒంటరిగా నిలబడినా తోక తెగదు, మాట నిండుగా ఉంటుంది. ఆడ లింగం ముందు కూడా తెగదు. బుయెనా బుయెనాగానే, ప్రిమేరా ప్రిమేరాగానే ఉంటాయి. 'పెద్ద' అనే గ్రాందె ఒక్కటే వేరు రకం. అది ముందు వస్తే ఆడైనా మగైనా సరే 'గ్రాన్' అయిపోతుంది, అర్థం కూడా మారి 'గొప్ప' అవుతుంది.

ఈ నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చన్న ధీమాతోనే రెండో రోజు ఆ ఓడ వంటవాడి దగ్గరికి వెళ్ళాను. బొద్దుగా, తెల్ల బనీనుతో, వంటగది గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నాకు కాఫీ ఇచ్చాడు. కాఫీ బాగుందని, అతను మంచివాడని చెప్పాలని నోరు తెరిచాను.

"ఉస్తెద్ ఎస్ బుయెన్" అన్నాను. మీరు మంచి.

అతను కత్తి ఆపాడు. నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూశాను. ఇంకేదో వస్తుందని కాసుకుని ఉన్నాడని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు.

"బుయెన్ కే?" అన్నాడు చివరికి. బుయెన్ ఏంటి?

నియమం తెలుసు, నోటికి రాలేదు. "బుయెనో" అని దిద్దుకున్నాను. అతను పకపకా నవ్వి, వేలితో తన గుండె మీద కొట్టుకుని "బుయెన్ కొసినేరో" అన్నాడు. మంచి వంటవాణ్ణి. అప్పుడు తల్లి దగ్గర పాఠం నేర్చుకునే పిల్లాడిలా ఓడని చూపించి "గ్రాన్ బార్కో?" అని అడిగాను.

అతను తుప్పు పట్టిన గోడని అరచేత్తో తట్టాడు. ఎర్రటి పొడి రాలింది. నవ్వు తగ్గింది.

"గ్రాందె, సీ. గ్రాన్ బార్కో, నో."

పెద్దదే. గొప్ప ఓడ మాత్రం కాదు. వంటగది అవతల ఎక్కడో ఏదో పంపు ఆగి ఆగి దగ్గుతున్నట్టు తిరుగుతోంది.

మూడో రోజు పొద్దున్న వాన ఇంకా గట్టిగా పట్టింది. మొదటి రెండు హోల్డుల్లో ముందు రోజే పని మొదలైంది. ఇవాళ మూడోది. వానకి పెద్ద మూతలు తీయడం లేదు. అయినా ఫోర్‌మన్ దాదా ఊరుకోలేదు. బెంగాలీ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ పోటు నీళ్ళకి ఓడ డాకు తలుపులు దాటి నదిలో పడాలి, ఆ తొందర అతని నెత్తి మీదుంది.

"వాన తెరిపిచ్చే లోపల దిగి దుంగలకి తాళ్ళు బిగించేసుకోండి సర్దార్. మూత తీయగానే క్రేన్ ఎత్తేస్తుంది. తాడాతాడి కొరో, తొందరగా కానివ్వండి!"

దిగడానికి పక్కన మనిషి పట్టేంత చిన్న ఇనుప మూత ఉంటుంది. అది తెరిస్తే గొట్టంలాంటి ఇరుకు దారి, అందులో నిచ్చెన. బావ గ్యాంగు తలల మీద గోనెసంచులు కప్పుకుని ఆ మూత చుట్టూ మూగారు. నేనూ వెళ్ళాను.

డాకులో పనిచేసేవాళ్ళందరికీ ఆ గొట్టాల సంగతి తెలుసు. పచ్చి చెక్క మూసిన గదిలో గాలిని తినేస్తుందని, దిగినవాడు అరవడానికైనా ఊపిరి మిగలదని, వాణ్ణి తీద్దామని దిగిన రెండోవాడూ అక్కడే ఉండిపోతాడని చెప్పుకునేవాళ్ళు. ఎక్కడో వేరే రేవులో, వేరే ఓడలో జరిగిందంటారు. ఎప్పుడూ వేరే ఓడే. అందుకని ఓడవాళ్ళు లోపలి గాలిని పరీక్షించి మూత మీద సుద్దతో రాసేవాళ్ళు. మొదటి రెండు మూతల మీద ఆ రాత నేను చదివాను, బావకి చెప్పాను కూడా. ఐరె బుయెనో. గాలి మంచిది.

మూడో మూత మీద కూడా రాత ఉంది. కానీ ఎవరో తడి టార్పాలిన్‌ని దాని మీదుగా ఈడ్చారు. సుద్ద తెల్లటి మసకలా పాకిపోయింది. మధ్యలో ఒక్క మాట మిగిలింది. బి, యు, ఇ, ఎన్.

బావ వంగి చూశాడు. అతనికి అక్షరాలు రావు గాని, రెండు రోజులుగా చూసిన ఆకారాన్ని గుర్తుపట్టాడు.

"ఇదీ ఆ మాటే కదరా. మంచిగుందని రాసినాడు."

"బావా, ఆగు."

"ఏటాగేది? ఒరే, మీ లైబ్రరీ బాబు సదూతాడంట, సూడండ్రా." గ్యాంగులో నవ్వులు. బావ అప్పటికే మూత తీసి పక్కకి దొర్లించాడు. గొట్టం లోపల్నుంచి ఆ పుల్లటి వాసన పైకి వచ్చింది. వాన చినుకులు అందులో పడుతున్నాయి, కానీ అవి కింద ఎక్కడ పడుతున్నాయో చప్పుడు వినిపించలేదు.

బావ ఒక కాలు లోపల పెట్టాడు.

నేను అతని భుజం పట్టుకున్నాను. పట్టుకున్నాక ఏం చెప్పాలో తెలియలేదు. నాకు తెలిసింది ఒక వ్యాకరణ పాఠం. దాన్ని వానలో, తొందరలో ఉన్న మనిషికి ఎలా చెప్పడం?

"బావా, ఇది బుయెనో కాదు. బుయెన్. చివర ఓ లేదు."

"ఓ లేకపోతే ఏటయిపోనాది? వానకి సెరిగిపోనాదేమో."

అదీ నిజమే కావచ్చు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ మూతకి మొహం ఆనించినంత దగ్గరగా చూశాను. ఎన్ పక్కన ఓ చెరిగిపోయి ఉంటే ఎన్‌ని ఆనుకునే మసక ఉండాలి. లేదు. ఎన్ తర్వాత వేలెడు చోటు శుభ్రంగా ఉంది, ఇనుము నల్లగా మెరుస్తోంది. ఆ ఖాళీ తర్వాత మళ్ళీ మసక మొదలైంది, జానెడు పొడుగున. అందులో ఏటవాలు గీత ఒకటి మిగిలింది. మాటకి ముందు కూడా మసకే. అంటే 'బుయెన్' అక్కడ పూర్తయింది. తోక తెగిన మాట అది. దాని వెనక మగ లింగపు నామవాచకం ఉండి తీరాలి, ఉంది కూడా, చెరిగిపోయింది. ముందు ఏముందో తెలియదు. ముందున్నదాన్ని బట్టే అర్థం.

"బావా, మన మాటలోనే సూసుకో," అన్నాను. ఇంటి మాట నోటికి వచ్చేసింది. "గాలి మంచిది అంటే అయిపోనాది, ఇంకేం అడగవు. అదే ఎవడైనా వచ్చి 'మంచి' అని ఆగిపోతే ఏటంటావు?"

"మంచి ఏటి అంటాను."

"అదే. వాడు 'మంచి' అని మాత్రమే రాసి ఉన్నాడు. 'మంచిది' అని కాదు. మంచి ఏటో, దాని ముందేటో చెరిగిపోనాయి. 'మంచి గాలి ఉంది' అని రాసినాడో, 'మంచి గాలి లేదు' అని రాసినాడో మనకి తెలీదు."

బావ కాలు తీయలేదు. కానీ రెండో కాలు కూడా పెట్టలేదు. గ్యాంగులో నవ్వు ఆగింది. వాళ్ళలో పెద్దాయన ఒకాయన బీడీ తీసి, ముట్టించకుండానే మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

"కీ హొలో?" ఫోర్‌మన్ దాదా గొడుగు పట్టుకుని వచ్చాడు. "ఎందుకు ఆగారు?"

నేను బెంగాలీలో చెప్పాను. అతను మూత వైపు, నా వైపు చూశాడు.

"నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలియదు దాదా. రాసింది సగమే ఉందని మాత్రం కచ్చితంగా తెలుసు."

"రాసినవాణ్ణి అడుగు మరి. తొందరగా!"

దగ్గర్లో ఒక నావికుడు ఇంజను గది నుంచి వచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. పరుగెత్తాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "తెర్సేర్ బోదేగా" అన్నాను, మూడో హోల్డు అని. "తెర్సేరా" అని దిద్దాడు అతను, విసుగ్గా. హోల్డు వాళ్ళ భాషలో ఆడ లింగం, తోక తెగకూడదు. ఎవరు రాశారని అడిగాను.

"ఎల్ ప్రిమేరో."

మొదటివాడు. మొదటివాడెవరు? ఒక్క క్షణం మొదటి హోల్డు అనుకున్నాను. తర్వాత తట్టింది. నామవాచకం వదిలేస్తే మాట నిండుగా తిరిగొస్తుంది. ప్రిమేర్ ఒఫిసియాల్, ఫస్ట్ ఆఫీసర్. వాళ్ళలో వాళ్ళు పిలుచుకునేటప్పుడు ఉత్త 'ఎల్ ప్రిమేరో'.

"ఎక్కడున్నాడు?"

అతను డాకు గోడ అవతల ఊరి వైపు గడ్డంతో చూపించాడు. ఒడ్డు మీద, ఏజెంటు ఆఫీసులో. గాలి సంగతి ఈ నావికుడికేమీ తెలియదట, అది తన పని కాదట.

తిరిగి వచ్చేసరికి బావ గొట్టం అంచు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ లోపలికి వేలాడుతున్నాయి.

"బావా!"

"కూకున్నానురా. దిగలేదు." ఎందుకో గొంతు తగ్గించాడు. "నాను ఆగితే ఈళ్ళందరూ నన్ను పిరికోడంటారు. ఆగకపోతే మీ అప్ప నిన్ను సంపేస్తది. ఏటి సెయ్యమంటావు?"

"పైకి రా."

"నీ సదువు తప్పయితేనో?"

"తప్పయితే నన్ను తిట్టు. ముందు కాళ్ళు బయట పెట్టు."

అతను ఒక్కో కాలూ తీసి డెక్కు మీద పెట్టాడు. మూత మళ్ళీ వేయలేదు. ఆ నల్లటి రంధ్రం మా మధ్య తెరిచే ఉంది. గ్యాంగంతా దానికి రెండడుగుల దూరంలో వానలో నిలబడింది, ఎవరూ దాని వైపు చూడకుండా, ఎవరూ దూరంగా పోకుండా. ఫోర్‌మన్ దాదా ఏజెంటు ఆఫీసుకి మనిషిని పంపించాడు. పంపించి, గొడుగు కింద గొణుక్కుంటూ అటూ ఇటూ నడిచాడు.

ఆ నిరీక్షణలో నాకు నా మీదే అనుమానం పెరిగింది. లైబ్రరీ బల్ల దగ్గర నియమం ఎంత గట్టిగా కనిపిస్తుందో, డెక్కు మీద అంత పల్చగా కనిపించింది. సుద్ద పట్టుకున్నవాడు తొందరలో ఓ మరిచిపోయి ఉండొచ్చు. ఆ ఏటవాలు గీత తాడు ఒరుసుకున్న గీతే కావచ్చు. గ్యాంగులో ఒక కుర్రాడు "ఒక్కసారి తలెట్టి సూసొత్తాను సర్దార్" అన్నాడు. బావ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి "తల ఒగ్గేస్తావా ఏటి అక్కడ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఫస్ట్ ఆఫీసర్ ఒడ్డు నుంచి ఓడకి వేసిన గ్యాంగ్‌వే మీద పరుగున వచ్చాడు. సన్నటి మనిషి, వానకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. మూత మీద మిగిలిన రాత చూశాడు. తెరిచి ఉన్న గొట్టాన్ని చూశాడు. మొహంలో రంగు పోయింది.

"బహో అల్గునో?" అన్నాడు. ఎవరైనా దిగారా?

నేను వెనక్కి తిరిగి బావని, గ్యాంగుని, ఒక్కో మొహాన్నీ వెతుక్కున్నాను. వెనక ఎవరైనా హోల్డుకి అవతలి చివరనుండే ఇంకో నిచ్చెన దగ్గరికి పోయారేమోనన్న భయం అప్పుడే పుట్టింది. పెద్దాయన ఉన్నాడు. కుర్రాడు ఉన్నాడు. అందరూ ఉన్నారు.

"నింగునో," అన్నాను. ఎవరూ దిగలేదు.

అతను నమ్మలేదు. "నింగూన్ ఓంబ్రె?" ఒక్క మనిషి కూడా?

"నింగూన్ ఓంబ్రె."

అప్పుడతను మోకాలి మీద కూర్చుని, తడి ఇనుము మీద వేలితో చెరిగిన రాతని మసక మీదుగా దిద్దుతూ చదివాడు. నో ఐ బుయెన్ ఐరె. మంచి గాలి లేదు. ఆ ఏటవాలు గీత ఐరెలో మొదటి అక్షరమైన 'ఎ' కాలు. తర్వాత బెల్టుకున్న, గాలిని కొలిచే చిన్న మీటరు తీసి, తాడు కట్టి గొట్టంలోకి వదిలాడు. అది మనిషి నడుం లోతుకి కూడా పోలేదు, కీచుమని అరవడం మొదలుపెట్టింది. కిందికి పోయేకొద్దీ ఆ అరుపు గొట్టంలో మోగుతూ చిన్నదయింది, ఆగలేదు. అతను తాడు పట్టుకుని వింటూనే ఉన్నాడు. మేమూ విన్నాం.

బావ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

వాన తెరిపిచ్చాక పెద్ద మూతలు తీసి, ఫ్యాన్లు పెట్టి గాలి ఆడించారు. మర్నాడు మీటరు అరవలేదు. బావే ముందు దిగాడు. ఎవరు చెప్పినా ఆ పద్ధతి మానలేదు. నేను పైన నిలబడి అతని కేక కోసం చెవులప్పగించాను. వచ్చింది. అప్పకి ఇంట్లో ఈ సంగతి మేమిద్దరం చెప్పలేదు. గ్యాంగులో ఎవరి పెళ్ళామో చెప్పింది. అప్ప నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నాతోనే ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత బావకి కొత్త అలవాటు వచ్చింది. ఏ ఓడ మీదైనా చిన్న మూత దగ్గర సుద్ద గీత కనిపిస్తే గ్యాంగుని ఆపి నన్ను పిలిపించేవాడు. కొన్ని నాళ్ళు అది నాకు గొప్పగానే ఉండేది. ఆ చలికాలంలో ఇంకో ఓడ వచ్చింది, అదీ దుంగలదే, అదే పుల్లటి వాసన. సిబ్బంది కొరియా వాళ్ళు. మూత మీద సుద్దతో పెద్ద వరస రాసి ఉంది. చిన్న చిన్న గుండ్రాలు, వాటి మీదా పక్కనా పొడుగు గీతలు. ఎక్కడా చెరగలేదు. ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది.

బావ మూత పక్కన గొంతుక్కూర్చుని నా కోసం చూస్తున్నాడు.

"ఏటి రాసినాడురా?"

నేను ఆ గీతల్ని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. ఎక్కడ మాట మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో కూడా తెలియలేదు.

"తెలీదు బావా."

"సరిగ్గా సూడు."

"ఎంత చూసినా తెలీదు."

వెనక ఫోర్‌మన్ దాదా బూట్ల చప్పుడు డెక్కు మీద దగ్గరవుతోంది. బావ ఒకసారి మూత మీద చెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. తర్వాత చెయ్యి తీసి, గ్యాంగు వైపు తిరగకుండానే అన్నాడు.

"కూకోండ్రా."